ఫోటోలో ఉన్న బండి నాది కాదు: ఈ-చలాన్ మీద అభ్యంతరం పెట్టేటప్పుడు ఏ కారణం, ఏ ఆధారం, ఎన్నాళ్లు

అడిగింది: అన్నయ్య గారూ, మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నేను ఇంతవరకు వెళ్లని ఊళ్లో హెల్మెట్ లేదని జూన్ 10న నా స్కూటర్ మీద వెయ్యి రూపాయల చలాన్ పడింది. ఆ రోజు బండి ఇంటి దగ్గరే ఉంది, మా అమ్మానాన్నే సాక్షి. ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ పెట్టాలంటే ఏ కారణం ఎంచుకోవాలి, ఏం జత చేయాలి, ఎప్పటిలోగా పెట్టాలి? కట్టేస్తే గొడవ వదిలిపోద్దని ఇంట్లో అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఒక్కటి గుర్తుపెట్టుకో, డబ్బు కట్టకు. కట్టావంటే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క, ఆ చలాన్ అక్కడితో మూసేస్తారు, తర్వాత అభ్యంతరం పెట్టడానికి ఏమీ మిగలదు. మా నెట్ సెంటర్‌కి వచ్చేవాళ్లలో చాలామంది "మావాడు నిన్న ఫోన్‌పేలో కట్టేశాడండి, ఇప్పుడు ఆ డబ్బు వెనక్కి తెప్పించండి" అని వస్తారు. ఆ పరిస్థితిలో నేను చేయగలిగింది ఏమీ ఉండదు. ఇంట్లో అందరికీ చెప్పి పెట్టు, నీకు తెలియకుండా మంచి మనసుతో ఎవరో ఒకరు కట్టేస్తారు.

ఇంకో జాగ్రత్త. చలాన్ వచ్చిందని వాట్సాప్‌లో ఫైలు ఏదైనా వస్తే, ముఖ్యంగా పేరు చివర `.apk` అని ఉంటే, దాన్ని తెరవొద్దు. అది ఫోన్‌లోకి దూరే మోసం, బ్యాంకు ఖాతాలు ఖాళీ అయిన వాళ్లున్నారు. నీ చలాన్ నిజమో కాదో మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి చూడకు, బ్రౌజర్‌లో నువ్వే `echallan.parivahan.gov.in` అని టైపు చేసి, బండి నంబరు, ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరులో చివరి 5 అక్షరాలు ఇచ్చి చూడు. అసలు సర్కారు సైటు చిరునామా `.gov.in` తోనే ముగుస్తుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి వస్తాను. నీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి, మీలాంటి వాళ్ల అభ్యంతరాలు ఎక్కువగా తిరిగొచ్చేది కూడా ఇక్కడే. "నేను ఆ ఊరు వెళ్లలేదు" అనేది ఒక మాట. "ఫోటోలో ఉన్న బండి నాది కాదు" అనేది ఇంకో మాట. నీకు రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ చూసే అధికారికి ఒకటి కాదు. నువ్వు వెళ్లకపోయినా నీ బండి వెళ్లి ఉండొచ్చు, మీ బావమరిదో స్నేహితుడో తీసుకెళ్లి ఉండొచ్చు, చలాన్ పడేది ఆర్సీలో పేరున్న వాళ్ల మీద. కాబట్టి మొదటి మాట పట్టుకుంటే, ఆ పూట నీ బండి ఎక్కడుందో నువ్వు నిరూపించాలి, పాత తేదీకి అది చాలా కష్టం. రెండో మాట పట్టుకుంటే నిరూపించడానికి కావలసింది వాళ్ల దగ్గరే ఉంది, వాళ్ల ఫోటోలోనే ఉంది. నువ్వు చేయాల్సిందల్లా నీ బండిని ఆ ఫోటో పక్కన నిలబెట్టడం.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. కొన్నేళ్ల కిందట నా బండి మీద ఇలాగే ఒక చలాన్ వచ్చింది. ఆ రోజు నేను సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం పెళ్లికి వెళ్లాను, బండి కూడా పంటు మీదే దాటించాను. నాకు అంతకంటే బలమైన సాక్ష్యం ఏముంటుందనుకున్నాను. పెళ్లి శుభలేఖ, పంటు టికెట్టు, భోజనాల దగ్గర దిగిన ఫోటోలు, మొత్తం తొమ్మిది ఫైళ్లు జత చేసి, పేజీన్నర ఉత్తరం రాసి పంపాను. ఆధారాలు సరిపోవు అని తిరిగొచ్చింది. కోపం వచ్చింది కానీ తర్వాత తీరిగ్గా చూసుకుంటే వాళ్లు చెప్పింది సరైనదే. ఆ టికెట్టు మీద బండి నంబరు లేదు. శుభలేఖ నన్ను పిలిచారని చెప్తుంది గానీ, నేను వెళ్లానని చెప్పదు, బండి వెళ్లిందని అసలే చెప్పదు. ఫోటోల్లో నేను ఉన్నాను, బండి లేదు. అన్నిటికంటే బాధ ఏమిటంటే, చలాన్ ఫోటోలో ఉన్న బండికి వెనక చీర గార్డు ఉంది, నా బండికి లేదు. ఆ సంగతి నేను ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు, ఎందుకంటే ఫోటోని పెద్దది చేసి చూడలేదు.

అందుకని నువ్వు ఫారం తెరిచే ముందు ఫోటో తెరువు. చలాన్ వివరాల్లో ఫోటో ఉంటుంది, దాన్ని దింపుకో, చలాన్ నంబరూ తేదీ సమయమూ కనిపించేలా ఆ పేజీ మొత్తానికి ఒక స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకో. తర్వాత ఫోన్‌లో కాకుండా వీలైతే కంప్యూటర్‌లో పెద్దది చేసి, ప్లేటు మీద ఉన్న అంకెల్ని ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువు. నీ నంబరు నీకు కంఠతా వచ్చు కాబట్టి కన్ను దాన్నే చూసేస్తుంది, అందుకే నీ నంబరు తెలియని మనిషి చేత చదివించడం ఇంకా మంచిది. మా సెంటర్‌లో నేను పక్కన కూర్చున్న వాళ్లనెవరినైనా పిలిచి చదవమంటాను.

చదివాక మూడిట్లో ఒకటి తేలుతుంది.

ప్లేటు మీద ఉన్నది నీ నంబరే కాదు, ఒక అంకె తేడా. అంటే కెమెరానో, దాన్ని చూసి నమోదు చేసిన మనిషో తప్పు చదివారు. అన్నిట్లోకీ తేలిక ఇదే. ఎక్కువగా జరిగేది కూడా ఇదే అని నా అనుభవం.

ప్లేటు మీద అచ్చం నీ నంబరే ఉంది, కానీ బండి వేరే. నీది స్కూటరు, ఫోటోలో గేరు బండి. అంటే ఎవరో నీ నంబరు వేసుకుని తిరుగుతున్నారు. ఇది చలాన్‌తో ఆగే విషయం కాదు, కింద చెప్తాను.

నంబరూ నీదే, కంపెనీ మోడలు రంగూ నీవే. ఇక్కడ ముందు ఇంట్లో వాళ్లని అడుగు, నిదానంగా, కోప్పడకుండా. పది కేసుల్లో సగానికి పైగా ఎవరో ఒకరు "అవును, ఆ రోజు నేనే తీసుకెళ్లాను" అంటారు.

నీ ప్రశ్నలో ఫోటో గురించి ఒక్క మాట కూడా లేదు, అందుకే నీది ఏ కోవలోకి వస్తుందో నేను చెప్పలేను. ఇంకో సంగతి, ఊరు కొత్తదని దాన్నే పెద్ద సాక్ష్యం అనుకోకు. పూర్వం AP 05 అంటే తూర్పుగోదావరి, AP 37 అంటే పశ్చిమగోదావరి అని ప్లేటు చూడగానే తెలిసేది. 2019 నుంచి కొత్త బండ్లకి రాష్ట్రం మొత్తానికీ AP 39 అని ఒకే వరస ఇవ్వడం మొదలుపెట్టారు కాబట్టి, శ్రీకాకుళం బండికీ మన బండికీ ముందు అక్షరాల్లో తేడా ఉండదు. ఒక్క అంకె తప్పు చదివితే ఎక్కడో ఉన్న బండి తప్పు మన కోనసీమలోని మనిషి మీద పడుతుంది.

ఈ మార్చిలో చేసిన కేసు ఒకటి పూర్తిగా చెప్తాను, నీకు దారి తెలుస్తుంది. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే పెద్దాయన, లేత నీలం స్కూటర్, ప్లేటు చివరి నాలుగంకెలు 3817 అనుకో. మార్చి 3 తేదీతో హెల్మెట్ చలాన్. ఆర్సీలో ఉన్న ఫోన్ నంబరు ఆయన ఎప్పుడో వదిలేసిన సిమ్ కావడంతో మెసేజ్ అందలేదు, ఇన్సూరెన్సు కోసం మా దగ్గరకి వచ్చినప్పుడు మార్చి 29న నేను చూస్తే బయటపడింది. అంటే అప్పటికే 26 రోజులు పోయాయి.

ఫోటో పెద్దది చేశాం. బండి వెనక నుంచి, కొంచెం ఎడమ పక్క నుంచి తీసింది. ఎవరో పొలం నుంచి వచ్చినట్టున్నాడు, ప్లేటు ఎడమ సగం బురద. మొదటి అంకె మామూలుగా చూస్తే 3 లాగే ఉంది. కానీ రెండో అంకె 8, దానితో పోల్చి చూస్తే మొదటి దానిక్కూడా ఎడమ పక్కన బురద కింద గుండ్రంగా ఒక గీత కనిపిస్తోంది. 8 ఎడమ సగం కప్పేస్తే 3 అవుతుంది, కాగితం మీద రాసి వేలితో మూసి చూడు. అసలు నంబరు 8817. ఇదే తరహాలో 1 ని 7 గా, 6 ని 8 గా చదవడం కూడా నేను చూశాను, కాబట్టి మరక ఎటువైపు ఉందో చూసి ఏ అంకె ఏ అంకెగా మారగలదో ఆలోచించు.

అంతకంటే గట్టి విషయం, ఫోటోలో ఉన్నది నల్ల గేరు బండి, ఆయనది నీలం స్కూటరు. దీంతో కారణం ఏమిటో తేలిపోయింది. ఫారంలో కారణాల జాబితా వస్తుంది, వాటిలో మాటలు సైటుని బట్టి కొంచెం మారినా అర్థం ఇలాగే ఉంటుంది: బండి నంబరు తప్పు, ఒకే తప్పుకి రెండు చలాన్లు, బండి అప్పటికే అమ్మేశాను, పత్రాలు చెల్లుబాటులో ఉన్నాయి, ఇతరములు. మేం బండి నంబరు తప్పు అన్నదే ఎంచుకున్నాం. ఆయన "ఆ రోజు నేను మార్కెట్ యార్డులో ఉన్నాను, పదిమంది చెప్తారు, అది కూడా రాయి" అన్నాడు. వద్దన్నాను. ఒక అభ్యంతరానికి ఒకటే కారణం ఉండాలి. "ఫోటోలో బండి నాది కాదు, పైగా ఆ రోజు నేను ఊళ్లో లేను, పైగా నేను ఎప్పుడూ హెల్మెట్ పెట్టుకుంటాను" అని రాస్తే, చదివేవాడు అన్నిట్లోకీ బలహీనమైన మాట పట్టుకుని దానికి జవాబు రాసి మూసేస్తాడు. "ఇతరములు" అన్నది కూడా వీలైనంత వరకు ఎంచుకోవద్దు, పై వాటిలో ఏదో ఒకదానిలో నీ సంగతి ఇమిడితే అదే పెట్టు. అధికారి ఏ కోణంలో చూడాలో కారణమే చెప్తుంది.

జత చేసినవి మూడే.

మొదటిది ఆర్సీ. డిజిలాకర్ నుంచి గానీ ఎంపరివాహన్ యాప్ నుంచి గానీ తీసింది. అందులో కంపెనీ, మోడలు, రంగు, ఛాసిస్ నంబరు ఉంటాయి, మనకు కావలసింది అవే.

రెండోది ఆయన బండి ఫోటోలు, ఇక్కడే కొంచెం ఆగి చెప్పాలి. చాలామంది ప్లేటుకి దగ్గరగా ఒక ఫోటో తీసి పంపేస్తారు. ప్లేటు ఒక్కటే కనిపించే ఫోటో ఏ బండిదైనా కావచ్చు, దాంతో ఏమీ తేలదు. చలాన్ ఫోటో ఏ కోణంలో ఉందో అదే కోణంలో, మా కేసులో వెనక ఎడమ పక్క నుంచి, బండి మొత్తమూ ప్లేటూ ఒకే ఫోటోలో పడేలా తీశాం. పగటి వెలుతురులో, ప్లేటు తుడిచి తీశాం. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకి హై సెక్యూరిటీ ప్లేటు ఉంటుంది, ఎడమ పక్క పైన అశోక చక్రం హోలోగ్రాం, కింద IND అని నీలం అక్షరాలు, లేజరుతో చెక్కిన సంఖ్య. అవి కనిపించేలా ఇంకో ఫోటో. తర్వాత బండి మీద చెక్కి ఉన్న ఛాసిస్ నంబరుకి ఒక ఫోటో. దీన్ని ఎవరూ పెట్టరు, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారం ఇదే. ఎందుకంటే, "నువ్వు ఏదో స్కూటరుకి ఈ ప్లేటు తగిలించి ఫోటో తీశావేమో" అన్న అనుమానానికి ఇదొక్కటే జవాబు. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరూ, బండి మీద ఉన్నదీ కలిస్తే, ఆ నంబరుకి చెందిన బండి ఇదే అని తేలిపోతుంది.

మూడోది ఒకే పేజీ పీడీఎఫ్. ఎడమ పక్కన చలాన్ ఫోటో, కుడి పక్కన ఆయన బండి ఫోటో, రెంటి కింద ఒక్కో వాక్యం. ఎడమ దాంట్లో బురద కింద కనిపిస్తున్న గీత చుట్టూ ఎర్ర సున్నా. ఈ పేజీ ఒక్కటి చూసినా విషయం అర్థమైపోవాలి, అధికారి దగ్గర ఇలాంటివి రోజుకి ఎన్నో ఉంటాయి, నీ పేజీన్నర ఉత్తరం చదివే తీరిక ఉండదు. చలాన్ ఫోటో మీద గీతలు పెడితే, గీతలు లేని అసలు ఫోటో కూడా అదే ఫైల్లో రెండో పేజీగా పెట్టు, ఏదో మార్చేశావన్న మాట రాకూడదు.

వివరణ గడిలో రాసింది ఇంతే:

"ఈ చలాన్ ఫోటోలో ఉన్నది నల్ల రంగు గేరు బండి. నా నంబరు 3817 లేత నీలం స్కూటరుది, ఆర్సీ జత చేశాను. ఫోటోలో ప్లేటు ఎడమ భాగం బురదతో కప్పి ఉంది, మొదటి అంకె 3 కాదు, 8 గా కనిపిస్తోంది. నా బండి ఫోటో, ఛాసిస్ నంబరు ఫోటో జత చేశాను. నంబరు తప్పుగా నమోదైనందున ఈ చలాన్ నా బండి మీద నుంచి తొలగించగలరు."

తిట్లు లేవు, బతిమాలడం లేదు. 8817 ఎవరిదో మాకు ఎంపరివాహన్‌లో మోడలు వరకు తెలిసింది, నల్ల గేరు బండే అని సరిపోయింది కూడా. అయినా ఆ మనిషి మీద ఫిర్యాదులా రాయలేదు, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వలేదు. మనం చదివింది కూడా తప్పు కావచ్చు కదా. ఎవరి మీద వేయాలో తేల్చుకోవడం వాళ్ల పని, నా మీద పడింది తీసేయమనడం వరకే మన పని.

ఇక గడువు. 2026 జనవరిలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167వ నిబంధన మార్చారు. దాని ప్రకారం చలాన్ ఇచ్చిన దగ్గర్నుంచి 45 రోజుల్లో కట్టాలి, లేదా పోర్టల్‌లో ఆధారాలతో అభ్యంతరం పెట్టాలి. రెండూ చేయకపోతే ఒప్పుకున్నట్టు లెక్క, తర్వాతి 30 రోజుల్లో కట్టాలి. ఆ పెద్దాయనకి మార్చి 3 నుంచి లెక్కేస్తే 45వ రోజు ఏప్రిల్ 17. చాలామంది మెసేజ్ చూసిన రోజు నుంచి లెక్కేసుకుంటారు, అలా అయితే ఆయన మే నెల దాకా ఉందనుకునేవాడు, మోసపోయేవాడు. లెక్క ఎప్పుడూ చలాన్ మీద తేదీ నుంచే పెట్టుకో. నీ చలాన్ మీదో నోటీసులోనో ఇంకా ముందు తేదీ ఏదైనా రాసి ఉంటే దాన్నే పట్టుకో.

ఆయనది ఏప్రిల్ 2న పంపాం. మార్చి 29నే పంపేద్దామనుకుంటే ఓటీపీ ఆ పాత సిమ్‌కి వెళ్తోంది. ముందు పరివాహన్ సైటులో ఆర్సీకి కొత్త ఫోన్ నంబరు ఎక్కించాల్సి వచ్చింది, అందులో నాలుగు రోజులు పోయాయి. అదే 16వ తేదీ సాయంత్రం మొదలుపెట్టి ఉంటే గడువు దాటిపోయేది. నువ్వు ఈ రోజే ఒకసారి లాగిన్ అయి ఓటీపీ నీ ఫోన్‌కి వస్తోందో లేదో చూసుకో, ఫోటోలు రేపు తీసుకోవచ్చు.

పంపగానే ఒక నంబరు వస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, కాగితం మీద కూడా రాసుకో. ఆ నంబరు లేకపోతే నువ్వు గడువులోపు పెట్టావని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. "సబ్మిట్ నొక్కాను, తిరుగుతూ ఉండిపోయింది, అయిపోయిందనుకున్నాను" అని వచ్చిన వాళ్లని చూశాను. తిరుగుతూ ఆగిపోతే చాలాసార్లు కారణం ఫైలు సైజే, ఇప్పటి ఫోన్ ఫోటోలు ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీ ఉంటాయి, సైటు ఎంతవరకు తీసుకుంటుందో ఫారంలోనే ఉంటుంది, చూసి తగ్గించు. తగ్గించాక ఛాసిస్ నంబరు చదవడానికి వస్తోందో లేదో మళ్లీ తెరిచి చూడు. ఇంకోటి, ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుని వాటిని ఎక్కించకు. వాట్సాప్ ఫోటోని కుదిస్తుంది, తీసిన తేదీ, చోటు వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంటుగా పంపుకో, లేదా కేబుల్ పెట్టి దింపుకో.

అభ్యంతరం పెట్టాక 30 రోజుల్లో దాన్ని తేల్చాలని నిబంధన. ఆయనది అంతకంటే ముందే, మూడో వారంలో తొలగించినట్టు స్టేటస్‌లో వచ్చింది.

ఒకవేళ తిరస్కరిస్తే నీ ముందు రెండు దారులు. 30 రోజుల్లో కట్టేయడం, లేదా చలాన్ మొత్తంలో సగం జమ చేసి కోర్టుకి వెళ్లడం. వెయ్యి రూపాయల చలాన్‌కి ఐదు వందలు జమ చేయాలి, దాని మీద రాకపోకల ఖర్చు, పోయే పనిరోజులు. డబ్బు లెక్కే చూసుకుంటే చాలామందికి కట్టేయడమే తేలిక. కానీ హెల్మెట్ తప్పుకి చట్టంలో 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయలతో పాటు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత కూడా ఉంది, అందుకని బండి మీద బతికేవాళ్లకి, డెలివరీ చేసే కుర్రాళ్లకి, ఇది వెయ్యి రూపాయల విషయం మాత్రమే కాదు. అలాంటి వాళ్లు తిరస్కరించిన కారణం పూర్తిగా చదివి, ఫోటో స్పష్టంగా తమ పక్షాన ఉంటే లాయరుని ఒకసారి అడగడం మంచిదని నా అభిప్రాయం. ఫోటో అటూ ఇటూగా ఉంటే వద్దు.

ఇప్పుడు ఆ రెండో రకం, నీ నంబరే వేరే బండి మీద ఉంటే. ఫోటోలూ ఆర్సీ ఛాసిస్ నంబరూ పైన చెప్పినట్టే, కానీ ముందు మీ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకుని, దాన్ని నాలుగో ఆధారంగా జత చెయ్యి. ఎందుకంటే చలాన్ ఒకటి తీసేసినా ఆ బండి రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది, వచ్చే నెల ఇంకోటి పడుతుంది, అంతకంటే ఘోరంగా ఆ బండితో ఎవరినైనా గుద్దితే ముందు నీ ఇంటికే వస్తారు. ఆ రసీదు మీద తేదీ ఎంత ముందుంటే నీకు అంత రక్షణ. నెలకోసారి నీ నంబరు మీద కొత్త చలాన్లు ఏమైనా పడ్డాయేమో కూడా చూసుకుంటూ ఉండు.

మూడో రకం, బండి అచ్చం నీ దానిలాగే ఉండి, ఇంట్లో ఎవరూ తీయలేదని నీకు గట్టి నమ్మకం ఉంటే, అప్పుడే ఆ రోజు బండి ఎక్కడుందన్న ఆధారం పనికొస్తుంది. అమ్మానాన్నల మాట నిజమే అయినా కాగితం మీద నిలవదు తమ్ముడూ. బండి నంబరూ తేదీ సమయమూ మూడూ ఉన్న కాగితం కావాలి. ఆ రోజు బండి షెడ్డులో సర్వీసుకి ఇచ్చి ఉంటే జాబ్ కార్డు అన్నిటికంటే మంచిది. లేదంటే వీధి చివర కొట్టు సీసీ కెమెరాలో నీ బండి ప్లేటుతో సహా పడి ఉండాలి. అయితే ఆ కెమెరాల్లో నిండిపోగానే పాత దాని మీదే కొత్తది రికార్డయిపోతుంది, చాలా కొట్లలో రెండు మూడు వారాలకి మించి ఉండదు. జూన్ 10 నాటిది ఇప్పటికి పోయి ఉండొచ్చు. అయినా ఈ రోజే వెళ్లి అడుగు, దొరికితే ఆ స్క్రీన్ మీద తేదీ కనిపించేలా కాపీ తీసుకో. ఫోటోలో బండికీ నీ బండికీ అద్దం, సీటు కవరు, స్టిక్కరు, చీర గార్డు, సొట్టలు, ఇలాంటివి ఒక్కొక్కటీ పోల్చి చూడు. ఒక్క తేడా దొరికినా నువ్వు మళ్లీ "బండి నాది కాదు" అన్న గట్టి కారణంలోకి వచ్చేస్తావు. అయితే ఆ తేడా చలాన్ రోజుకి ముందు నుంచీ ఉన్నదని చూపించే పాత ఫోటో ఒకటి కావాలి, లేకపోతే తర్వాత మార్చుకున్నావంటారు. పుట్టినరోజునో దసరా పూజకో బండి దగ్గర దిగిన ఫోటో ఏదైనా ఉంటుంది, ఫోన్‌లో వెతుకు.

నీ లెక్క చెప్తాను. జూన్ 10 నుంచి 45వ రోజు జూలై 25, శనివారం. నువ్వు 20వ తేదీ సోమవారంలోపు పంపేసేలా చూసుకో, ఏదైనా మొరాయిస్తే సరిచేసుకోవడానికి ఐదు రోజులు చేతిలో ఉంటాయి. చలాన్ ఫోటో ఇక్కడ పెడితే చూసి నీది మూడిట్లో ఏ రకమో చెప్తాను, కానీ ప్లేటులో చివరి నాలుగంకెలు తప్ప మిగతావి, చలాన్ నంబరూ, ఫోన్ నంబరూ చెరిపేసి పెట్టు.